మూడు చీటీల పత్యం

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా అమ్మ అన్నది, మా ఆయన అన్నాడు, మూడు దవాఖానల నర్సులు నా వెనకాల అన్నారు. నేనెప్పుడూ కాదనలేదు. పైగా కొన్నేళ్లపాటు దాన్ని నా గొప్పతనం అనుకున్నాను. రోగులకు తిండి గురించి చెప్పడం నా పని. మెత్తగా చెబితే ఎవడు వింటాడు? తిడితే వింటారు. అదీ నా సిద్ధాంతం.

నేను డైటీషియన్‌ను. జనానికి ఆ మాట నోరు తిరగదు కాబట్టి ‘తిండి మేడం’ అంటారు. ఒక్క దవాఖానకు పూర్తిగా ఒక తిండి మేడం అక్కర్లేదని యజమానులు అనుకుంటారు. అందుకని సోమ, మంగళవారాలు జనగామలో, బుధ, గురువారాలు మహబూబాబాద్‌లో, శుక్ర, శనివారాలు భూపాలపల్లిలో పనిచేసేదాన్ని. మూడూ ప్రైవేటువే, మూడూ చిన్నవే. పేర్లతో మనకు పని లేదు. వారంలో సగం బతుకు రైల్లోనూ బస్సులోనూ గడిచేది. నేను లేని అయిదు రోజులూ రోగులు ఏం తినేవారో నాకు తెలిసేది కాదు. నేను రాసిచ్చిన చీటీ ఉంది కదా, అది నా బదులు మాట్లాడుతుందనుకునేదాన్ని. మాట్లాడింది మరి, బ్రహ్మాండంగా మాట్లాడింది.

వాళ్లిద్దరినీ మొదటిసారి చూసింది జనగామలో. ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. పత్తి బోరాలు మోసి మోసి మెడ ఎద్దు మూపురంలాగా అయింది. నెల్లికుదురు దగ్గర ఒక తండా వాళ్ల ఊరు. పని కోసం ఆలుమగలిద్దరూ జనగామ వచ్చి ఉంటున్నారు. వాళ్లలో వాళ్లు తండా భాషలో మాట్లాడుకునేవారు, మాతో తెలుగులో. ఆమెకు నలభై అయిదేళ్లుంటాయేమో. చదువు రాదు. అయితే చెప్పింది చెప్పినట్టు గుర్తు పెట్టుకోవడంలో ఆమె ముందు చదువుకున్నవాళ్లు బలాదూర్.

ఆయనకు షుగర్ బాగా పెరిగిపోయి ఉంది. డాక్టరు గోలీలు రాసి నా గదికి పంపాడు. పొద్దున ఏం తాగుతాడని అడిగితే, పెద్ద చెంబెడు జావలో బెల్లం కలిపి ఇస్తానని ఆమె సంతోషంగా చెప్పింది. బలానికంట! పదింటికి బెల్లం చాయ్, మధ్యాహ్నం అరటిపళ్లు, పని నుంచి వచ్చాక పొద్దుపోయి ఇంత గుట్ట అన్నం. నాకు ఒళ్లు మండింది.

“ఏందమ్మా, నీ మొగుణ్ని నువ్వే చంపుతున్నవు, తెలుసా?” అన్నాను.

తలుపు తీసే ఉంది. బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లంతా తొంగి చూశారు. ఆమె ముఖం మాడిపోయింది. ఆయన మాత్రం నవ్వాడు. “గట్టి మేడమే దొరికింది,” అన్నాడు.

నాకు పాఠం చెప్పడం బాగానే వచ్చు. గింజను పిండి చేసి పలచగా కాస్తే కడుపుకు పనేమీ మిగలదు, అది తాగిన కాసేపటికే చక్కెరగా మారి నెత్తుట్లో కలుస్తుంది, అందుకే జావ వద్దన్నాను. అదే గింజను అన్నంగానో రొట్టెగానో తగుమాత్రం పెట్టి, పక్కన పప్పు, ఆకుకూర పెడితే మెల్లగా అరుగుతుంది, షుగర్ ఒక్కసారిగా లేవదని చెప్పాను. చక్కెర, బెల్లం, తేనె బంద్. అరటిపండు, మామిడిపండు, ఆలుగడ్డ బంద్. రాత్రి ఏడు దాటినంక నోట్లో ఏమీ పెట్టొద్దు. ఆ ఆఖరిది ఆయన కోసమే పెట్టిన షరతు. పొద్దుపోయి తినే ఆ అన్నం గుట్టను ఎలాగైనా ఆపాలి కాబట్టి. నేను ఒక్కొక్కటీ చదువుతుంటే ఆమె వేళ్లు మడుచుకుంటూ పెదాలతో తిప్పి చెప్పుకుంది. చీటీ మడిచి పాలిథీన్ సంచీలో పెట్టుకుంది.

మూడు నెలలకు వచ్చినప్పుడు ఆయన షుగర్ అదుపులో ఉంది! నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. డాక్టరు కూడా, “మీ తిట్లే మందు మేడం,” అని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఎవరు మాట వినకపోయినా వాళ్ల కథే చెప్పేదాన్ని. చూడండి, తండా ఆమె, సంతకం రాదు, ఎంత క్రమంగా చేసిందో! చదువుకున్నారు, మీకేం రోగం?

రెండేళ్లు దాటాక మళ్లీ చూశాను, ఈసారి మహబూబాబాద్‌లో. యార్డు పని మానేసి ఊరికి వచ్చేశారట. ఆయన పొట్ట కుండలా లేచి ఉంది. పాదాల మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడుతోంది. కళ్లు పచ్చగా ఉన్నాయి. తాగుడు కొంత, షుగర్ కొంత, కాలేయం గట్టిపడిపోయింది. అన్నిటికన్నా భయం వేసింది ఆయన మాట. భార్యను పేరు తప్పి పిలుస్తున్నాడు, పగలును రాత్రి అంటున్నాడు.

ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. “మేడం, నువ్వు చెప్పినయన్నీ చేస్తనే ఉన్న. మరి గిట్లెందుకైంది?”

“తాగుడు బంద్ చేయించినవా?” అన్నాను. ఆమె తల దించుకుంది. ఆ ఒక్క మాటతో ఆమె నోరు మూయించాను. ఎంత సులువో!

ఉప్పు సంగతి మొదట చెప్పాను. గట్టిపడిన కాలేయంలోంచి నెత్తురు సాఫీగా పోదు. ఒళ్లు కంగారుపడి ఉప్పును బయటికి పోనీయకుండా పట్టుకుంటుంది. ఉప్పు ఎక్కడుంటే నీరు అక్కడే ఉంటుంది. ఆ నీరే పొట్టలోకి దిగుతుంది. కాబట్టి పచ్చళ్లు, అప్పడాలు, ఎండుచేపలు బంద్, కూరలో ఉప్పు లేనట్టే. ఇందులో తప్పేం లేదు. ఇప్పటికీ అదే చెబుతాను.

తప్పు తర్వాతి గీతలో ఉంది. పేగుల్లో పుట్టే ఒక విషాన్ని కాలేయం శుభ్రం చేయలేనప్పుడు అది మెదడుకెక్కి మనిషి తికమక పడతాడు. ఆ విషం మాంసకృత్తుల నుంచి వస్తుంది కాబట్టి పప్పు, గుడ్డు ఆపేయాలని వెనకటివాళ్లు అనేవారు. కాని అది తప్పని తేలింది. తిండి ఆపితే ఒళ్లు తన కండను తానే కరిగించుకు తింటుంది. ఆ విషాన్ని కాలేయంతోపాటు కండ కూడా కొంత శుభ్రం చేస్తుంది. కండ పోతే రెంటికీ చెడ్డట్టే. ఇలాంటి మనిషికి పప్పు, పెరుగు, గుడ్డు మామూలు మనిషికన్నా ఎక్కువే కావాలి. రోజుకు అయిదారుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. పడుకోబోయే ముందు తప్పకుండా ఏదో ఒకటి తినాలి. ఎందుకంటే మంచి కాలేయం రాత్రికి సరిపడా శక్తిని దాచుకుంటుంది, చెడిన కాలేయానికి ఆ దాపు లేదు. ఒక్క రాత్రి పస్తు దానికి మనకు రెండు మూడు రోజుల పస్తుతో సమానం.

ఇదంతా నాకు తెలుసు. బాగా తెలుసు. అయినా పెద్ద డాక్టరు రౌండ్స్‌లో, “తెలివి వచ్చేదాకా పప్పు, గుడ్డు ఆపేయండి,” అంటే కిక్కురుమనలేదు. నా నోరు పేదవాళ్ల మీద లేచినంత డాక్టర్ల మీద లేవదు. రెండు రోజులే కదా, తర్వాత నేనే మార్చి రాద్దాం అనుకున్నాను. చీటీ మీద రాశాను: ఉప్పు బంద్. పప్పు, గుడ్డు, పెరుగు, మాంసం బంద్. మందంగా గీతలు కూడా గీశాను.

ఇంకో సంగతి. గోలీలు ఆపి ఇన్సులిన్ సూది మొదలుపెట్టారు. నర్సు ఆమెకు సూది వేయడం నేర్పింది. “ఒక్కపూట సూది తప్పిందో, నా దగ్గరికి రాకు,” అని నేను బెదిరించాను. తిండి లేకుండా సూది పడితే షుగర్ అడుగంటుతుంది. తినకపోతే సూది వేయకు, ఫోన్ చెయ్యి అని నర్సు చెప్పిందనుకున్నాను. నేను చెప్పానని నర్సు అనుకుందేమో!

శనివారం ఆయనకు తెలివి వచ్చిందట. ఆదివారం ఇంటికి పంపారట. శనివారం నేను భూపాలపల్లిలో ఉన్నాను, ఆదివారం ఇంట్లో బట్టలు ఉతుక్కుంటున్నాను. బుధవారం వచ్చి చూస్తే ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. రెండో చీటీ మార్చాలన్న సంగతి నా బుర్రలోంచి జారిపోయింది. ఇంతకన్నా చెప్పుకోవడానికి ఏమీ లేదు. కావాలని చేసినదైతే కనీసం ఒక కారణం చెప్పుకునేదాన్నేమో.

నాలుగు నెలల తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. మళ్లీ మహబూబాబాద్‌కే తెచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకరపోయింది. అప్పుడు ఆయన్ను చూసి గుర్తుపట్టలేకపోయాను. మూపురంలాంటి ఆ మెడ ఏమైంది? భుజాల ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి. లివర్ జబ్బు కదా, ఇలాగే ఉంటుందిలే అనుకున్నాను. ఏం తింటున్నాడని అడగలేదు. ఛీ! నా పనే అది. ప్లంబరు వచ్చి నల్లా విప్పి చూడకుండా పోయినట్టు.

చెంచాడు నీళ్లు తాగించి చూశాం. దగ్గాడు. గొంతులో గరగర. పలచటి నీళ్లు నాలుక మీద నుంచి జర్రున జారతాయి. గొంతు తలుపు మూసుకునేలోపే ఊపిరి గొట్టంలోకి దిగుతాయి, ఊపిరితిత్తుల్లో చీము పడుతుంది. కొందరికి దగ్గు కూడా రాదు, చప్పుడు లేకుండా దిగుతాయి. అందుకే నీళ్లు, చాయ్, చల్ల, చారు అన్నీ బంద్. ఇచ్చేది ఏదైనా చెంచా వంపితే ముద్దగా జారాలి, నీళ్లలా కారకూడదు. అటుకులు, రొట్టె, పొడి అన్నంలాంటి పొడిపొడిగా రాలేవీ వద్దు. లేపి నిటారుగా కూర్చోబెట్టు, గడ్డం కిందికి వంచమను, చిన్న చెంచా, ఒకటి మింగాకనే ఇంకోటి, తిన్నాక అరగంట పడుకోబెట్టకు. అన్నీ చేసి చూపించాను. నా కళ్ల ముందే ఆమె ఒక చెంచా పెట్టింది, సరిగ్గా పెట్టింది.

అప్పుడు అడిగింది. “మరి ఏం పెట్టాలె మేడం?”

స్టేషన్‌కు పోవాలి. రైలుకు ఇరవై నిమిషాలుంది. “మెత్తగ, గట్టిగ ఉండేటిది ఏదైనా పెట్టు. గింత చెప్పినంక మళ్ల అడుగుతవేంది?” అన్నాను.

ఆమె మూడో చీటీ మడిచి సంచీలో పెట్టుకుంది. ఆ సంచీలో అప్పటికే రెండు చీటీలు ఉన్నాయని నాకు తెలియదా? తెలుసు. పాతవి చింపి పారేసి ఉంటుందిలే అనుకున్నాను. అసలు అనుకున్నానో లేదో కూడా ఇప్పుడు చెప్పలేను.

మూడు వారాలకు, ఒక గురువారం పొద్దున్నే, ఆంబులెన్సులో తెచ్చారు. మనిషికి తెలివి లేదు. ఒళ్లంతా చెమట, బట్టలు తడిసిపోయాయి. వేలి నెత్తురు తీసి చూస్తే షుగర్ అడుగంటిపోయి ఉంది. నరంలో గ్లూకోజ్ ఎక్కించారు. అంకె లేచింది, మనిషి లేవలేదు. మెదడుకు చాలాసేపు చక్కెర అందలేదు. ఇంక చెప్పలేమని డాక్టరు అన్నాడు.

నేను కోపంతో ఊగిపోతూ వరండాలోకి వచ్చాను. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది.

“ఏం పెట్టినవ్ ఆయనకు? నిన్న పొద్దటి నుంచి ఏం పెట్టినవ్ చెప్పు!”

“సొరకాయ ఉడకవెట్టి అన్నంల పిసికి పెట్టిన మేడం. ఉప్పెయ్యలే. నాలుగు చెంచాలు తిన్నడు, మూతి తిప్పుకున్నడు.”

“ఇంకా?”

“ఇంకేం పెట్టాలె?” అంది. మొండితనంతో కాదు, నిజంగానే అడిగింది.

“పప్పు మెత్తగ చేసి పెట్టొచ్చు గదా? గట్టి జావ?”

ఆమె నా ముఖంలోకి చూసింది. సంచీ విప్పింది. మూడు చీటీలు తీసి, ఒకదాని పక్కన ఒకటి నేల మీద పరిచింది. మొదటిది మడతల దగ్గర చిరిగితే అన్నం మెతుకులతో అతికించింది. తర్వాత వేళ్లు మడవడం మొదలుపెట్టింది. జావ, అరటిపండు, ఆలుగడ్డ జనగామల వద్దంటివి. పప్పు, గుడ్డు, పెరుగు గీడ వద్దంటివి. నీళ్లు, చారు, చల్ల, రొట్టె మొన్న వద్దంటివి. ఏడు దాటినంక నోట్ల ఏం పెట్టొద్దంటివి, పెట్టలే. సూది తప్పొద్దంటివి, నిన్న పొద్దుమూకి గూడ వేసిన.

“ఒక్కటి తప్పలే మేడం.”

మూడు చీటీల మీదా నా చేతిరాతే.

ముద్దగా పిసికిన ఆలుగడ్డ, గట్టిగా కాచిన జావ, పాలలో మెదిపిన అరటిపండు, మెత్తటి పప్పు. గొంతు పడిపోయిన మనిషి క్షేమంగా మింగగలిగినవి ఇవే. షుగర్‌కు వీటినీ కొలత ప్రకారం పెట్టొచ్చు, సూదిని దానికి తగ్గట్టు సర్దొచ్చు. ఒక జబ్బుకు నేను వద్దన్నదే ఇంకో జబ్బుకు మందు. మూడు జబ్బులు ఒక్క ఒంట్లో ఉన్నప్పుడు మూడు చీటీలు కలపకూడదు, అన్నిటినీ చింపేసి నాలుగోది రాయాలి. ఆ పని నాది. మూడింట్లోనూ వద్దులన్నీ తీసేస్తే ఆమెకు మిగిలింది సొరకాయ, ఉప్పులేని అన్నం.

కొత్త చీటీ వస్తే పాతది రద్దని ఆమెకు తెలియదా అని మీరడగొచ్చు. నేనూ అదే అడగబోయాను. అడగబోయి ఆగిపోయాను, ఎందుకంటే నేను పుట్టింది మొగుళ్లపల్లిలో. నా చిన్నప్పుడు మా బాపుకు పసిరికలు, అంటే కామెర్లు, అయ్యాయి. పసరు పోసే పెద్దమనిషి వచ్చి మందు పోసి పత్యం కట్టాడు. ఉప్పు లేదు, నూనె లేదు, చప్పిడి కూడు. రెండు వారాలకే బాపు కళ్లు తెల్లబడ్డాయి, ఆకలి వేసింది. అయినా మా అమ్మ చిటికెడు ఉప్పు వేయలేదు. కట్టినవాడే వచ్చి విడిపించాలి. ఆయన ఎక్కడో రేగొండ దిక్కు చుట్టాలింటికి పోతే తొమ్మిది రోజులు ఎదురుచూశాం. వచ్చి, ఆయన చేత్తో ఆయన ఉప్పు వేసి, ఇంక తినమన్నాకనే బాపు తిన్నాడు. విడిపించకుండా తింటే పత్యం ఎదురు తిరుగుతుంది, మనిషి దక్కడు. మా ఊళ్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు ఇది. ఎంత కట్టడిగా ఉంటే అంత ప్రేమ ఉన్నట్టు.

నేను కట్టాను. మూడుసార్లు కట్టాను. ఒక్కసారీ విడిపించలేదు. ఏ నగరంలోనో పుట్టి పెరిగినదాన్నయితే తెలియదని బుకాయించొచ్చు.

ఆ పొద్దున ఏమైందో మెల్లగా చెప్పింది. తెల్లవారుతుండగా ఆయనకు చెమటలు పట్టాయి. చెయ్యి వణికింది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఏదో గొణిగాడు. పక్కింటామెకు కూడా షుగరే. చూసి గుర్తుపట్టి, గిన్నెలో చక్కెర పట్టుకొని ఉరికి వచ్చింది.

“నేనే ఆమె చెయ్యి నూకేసిన మేడం. చక్కెర వద్దన్నది మేడం, నీళ్లు వద్దన్నది మేడం, తిడుతది అన్న.”

చక్కెర నీళ్లు పోసి ఉంటే ఊపిరి గొట్టంలోకే పోయేవి, నిజమే. కాని మనిషికి తెలివి ఉంది. ఆ చక్కెరను నాలుగు చుక్కల నీళ్లతో ముద్దలా నూరి బుగ్గ లోపల, చిగుళ్లకు రాస్తే కొంత ఆసరా దొరికేది, దవాఖానకు వచ్చేదాకా. ఇన్సులిన్ వేసుకునే ప్రతి ఇంటికీ చెప్పాల్సిన మాట ఇది. నా మూడు చీటీల్లో ఎక్కడా లేదు. వద్దుల వరస కాగితం నిండా ఉంది. ఏం చేయాలో రాసిన వరస కింద, మూలకు, చిన్న అక్షరాల్లో ఉంది.

మూడో రోజు, శనివారం మధ్యాహ్నం ఆయన పోయాడు. ఆ వారం నేను భూపాలపల్లి పోలేదు. పెద్ద డాక్టరు కాగితాలు రాస్తూ, కారణాల దగ్గర ‘ఆహార నియమాలు సరిగా పాటించలేదు’ అని రాశాడు. ఆయన తప్పేముంది, ఎప్పుడూ అలాగే రాస్తారు, నూటికి తొంభైమంది పాటించరు. నేను పక్కనే నిలబడి చదివాను. ఆమె దగ్గర తీసుకున్న మూడు చీటీలు నా సంచీలోనే ఉన్నాయి. తీసి చూపిస్తే చాలు. “సార్, పాటించినందుకే పోయాడు,” అంటే చాలు. నా నోరు లేవలేదు. ఎవరిమీద లేస్తుందో ఎవరిమీద లేవదో దానికి బాగా తెలుసు.

ఆమె బయట చెట్టు కింద సిమెంటు బెంచీ మీద కూర్చుని, తండాకు పోయే బండి కోసం చూస్తోంది. ఏడవడం అయిపోయింది. నేను పోయి పక్కన కూర్చున్నాను. నన్ను చూసి లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.  తర్వాత ఆమే అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

“మేడం, నీకు ఒకటి చెప్పలే. ఒక్కటి తప్పలేదన్న గదా. అబద్ధం ఆడిన.”

“ఏంది?”

“మొన్న ఆయితారం ఆయన ఏడ్చిండు. మాట రాదు గదా, నా కొంగు పట్టుకొని ఏడ్చిండు. ఆకలి మేడం. గట్ల నేనెన్నడు చూడలే ఆయనను. కడుపు ఆగక, కోడిగుడ్డు ఉడకవెట్టి, మెత్తగ మెదిపి, జర ఉప్పేసి, చెంచాతోని తినవెట్టిన. ఒక్కటే గుడ్డు. అంత తిన్నడు, మంచిగ మింగిండు. నన్ను చూసి నవ్విండు గూడ.” ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “గదే ఎదురు తిరిగింది మేడం. నేనే చంపుకున్న. మా తండావాళ్లకు ఎవ్వలకు చెప్పకు.”

 ఆ మూడు వారాల్లో ఆ మనిషి తిన్న సరైన తిండి అదొక్కటే.

“కాదు అక్కా,” అన్నాను. “ఆ గుడ్డే మంచిది. రోజు పెట్టాల్సింది. పెట్టొద్దని రాసింది నేను. రాసి మరిచిపోయిన. తప్పు నాది. నీది కానే కాదు. నా చీటీలతోనే ఆయన పోయిండు.”

ఇంత సూటిగా నేను జీవితంలో ఎవరికీ ఏదీ ఒప్పుకోలేదు. ఆమె నా వంక చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందేమోనని చూశాను. ఉండాలని కోరుకున్నాను కూడా. తిట్టవే తల్లీ, నలుగురూ చూసేటట్టు తిట్టు అనుకున్నాను. ఆమె నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని నిమిరింది.

“నేను బాధపడతనని గట్లంటున్నవు గని, నాకు తెల్వదా మేడం?” అంది.

మళ్లీ చెప్పాను. సంచీలోంచి చీటీలు తీసి, గీతల మీద వేలు పెట్టి చూపించాను. ఆమె ఊ కొడుతూనే ఉంది. బండి వచ్చింది. ఆయన్ను ఎక్కించారు. ఆమె ఎక్కి కూర్చుని, ఆయన తల ఒళ్లోకి తీసుకుని, వాళ్ల భాషలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఆ భాష రాదు. తలుపు వేయబోతున్న డ్రైవర్‌ను ఆపి, ఆయనకు ఏం చెబుతున్నవని ఆమెను అడిగాను.

“తప్పు ఒప్పుకుంటున్న,” అంది.

మూడేళ్లు నా ప్రతి మాటనూ పొల్లుపోకుండా నమ్మిన మనిషి, ఆ ఒక్క మాట నమ్మలేదు.